ఇంటి వంటగదికి ఎన్ని ఆర్డర్లు బరువు?

సంక్రాంతి వస్తోందంటే చాలామంది విద్యార్థుల ఫోన్లలో ఒక కొత్త వాట్సాప్ స్టేటస్ కనిపిస్తుంది. ‘అమ్మ చేతి అరిసెలు, కిలో 500. ఆర్డర్లు తీసుకుంటున్నాం’ అని. డిగ్రీ, బీటెక్ చివరి ఏడాదిలో ఉండి, ఒకపక్క ఉద్యోగాలకు దరఖాస్తులు పెడుతూనే, ఇంకోపక్క ఇంట్లోవాళ్ల చేతి నైపుణ్యాన్ని చిన్న వ్యాపారంగా మార్చేవాళ్లు ఇప్పుడు తక్కువేం కాదు. మొదటి వారం ఎనిమిది ఆర్డర్లు వస్తాయి, అందరూ బాగున్నాయంటారు. రెండోవారం ముప్ఫై వస్తాయి. కాదనడానికి మనసొప్పదు. సరిగ్గా అక్కడే కథ అడ్డం తిరుగుతుంది. గట్టిపడ్డ అరిసెలు, నూనె కారే పెట్టెలు, ‘పోయినసారిలా లేవండీ’ అనే మెసేజీలు మొదలవుతాయి.

ఆర్డర్లు రావడం ఒక విద్య అయితే, ఎన్నింటి దగ్గర ఆపాలో తెలియడం ఇంకో విద్య. రెండోది అదృష్టం మీద ఆధారపడింది కాదు. గడియారం, కాటా, ఒక నోటుపుస్తకం ఉంటే ఎవరైనా లెక్కగట్టొచ్చు. అదెలాగో అరిసెల ఉదాహరణతోనే చూద్దాం. ఇందులో ఇచ్చిన అంకెలు లెక్క అర్థం కావడానికి ఒక ఊహా కుటుంబానికి వేసుకున్నవి. మీ ఇంటి అంకెలు వేరుగా ఉంటాయి. లెక్క నడిచే దారి మాత్రం ఇదే.

మన ఉదాహరణలో ముగ్గురున్నారు. అమ్మ పాకం పడుతుంది, అరిసెలు వేయిస్తుంది. డిగ్రీ ఫైనలియర్ చదివే అమ్మాయి అరిసెలు ఒత్తుతుంది, పెట్టెలు సర్దుతుంది, ఫోన్లు చూసుకుంటుంది. పక్కింటి అత్తయ్య చెక్కల మధ్య పెట్టి నూనె పిండుతుంది. రెండు బర్నర్ల పొయ్యి, ఒక మూకుడు. అంతే వాళ్ల ఫ్యాక్టరీ.

‘ఆర్డర్’ కొలత కాదు

‘రోజుకి ఎన్ని ఆర్డర్లు చేయగలం?’ అనే ప్రశ్నలోనే ఒక చిక్కుంది. అరకిలో అడిగేవాళ్లూ ఒక ఆర్డరే, పెళ్లిచూపులకు మూడు కిలోలు అడిగేవాళ్లూ ఒక ఆర్డరే. వాటిని ఒకే గాటన కట్టి లెక్కేస్తే లెక్క తప్పుతుంది. అందుకే ముందు ఆర్డర్లను పనిలోకి మార్చుకోవాలి.

అరిసెల్లో పనికి సహజమైన కొలత ‘పాకం’. అంటే ఒక్కసారి పాకం పట్టి, పిండి కలిపి, ఆ చలిమిడి అయిపోయేదాకా వేయించడం. మన ఉదాహరణలో రెండు కిలోల బియ్యానికి ఒక పాకం. అందులో సుమారు 70 అరిసెలు వస్తాయి. ఒక్కోటి 50 గ్రాములు. అంటే కిలోకి 20. పాకానికి మూడున్నర కిలోలు.

ఇక పాత ఆర్డర్లు తిరగేయండి. చివరి పది ఆర్డర్లలో నాలుగు అరకిలోవి, మూడు కిలోవి, రెండు రెండు కిలోలవి, ఒకటి మూడు కిలోలది అనుకుందాం. మొత్తం 12 కిలోలు. అంటే సగటున ఒక ఆర్డర్ కిలో రెండువందల గ్రాములు. ఈ ఒక్క అంకె చేతిలో ఉంటే, కిలోల లెక్కను ఆర్డర్ల లెక్కలోకి ఎప్పుడైనా మార్చుకోవచ్చు. కానీ ఆర్డర్లు తెరవడం, మూయడం మాత్రం కిలోల్లోనే చేయాలి. రేపు ఎవరైనా ఫోన్ చేసి ‘మా ఇంట్లో సీమంతం, 15 కిలోలు కావాలి’ అంటే, అది ఒక ఆర్డర్ కాదు. దాదాపు ఐదు పాకాలు.

గడియారం పెట్టి చూస్తే...

ఇప్పుడు ఒక పాకానికి ఏ పనికి ఎంతసేపు పడుతోందో రాసుకోవాలి. గుర్తుపెట్టుకుని చెప్పిన టైముకీ, గడియారం చూసి రాసిన టైముకీ చాలా తేడా ఉంటుంది. ‘పాకం ఎంతసేపే, పది నిమిషాలు’ అంటుంది అమ్మ. బెల్లం తరగడం, కరిగించి ఇసుక లేకుండా వడకట్టడం, మళ్లీ పొయ్యెక్కించి ఉండపాకం వచ్చేదాకా చూడటం, దించి పిండి పోస్తూ కలపడం అన్నీ కలిపితే 40 నిమిషాలు తేలుతుంది.

మన ఉదాహరణలో 70 అరిసెలకు తేలిన సమయాలు ఇవి:

- పాకం పట్టి పిండి కలపడం: 40 నిమిషాలు
- ఒత్తడం: ఒక్కోటి అర నిమిషం చొప్పున 35 నిమిషాలు
- వేయించడం: వాయికి మూడు, వాయికి మూడు నిమిషాలు. మొత్తం 70 నిమిషాలు
- నూనె పిండటం: సుమారు 28 నిమిషాలు
- ఆరబెట్టడం: మూడు గంటలు (మనిషి అక్కర్లేదు, చోటు కావాలి)
- తూచి, పెట్టెలో సర్ది, లేబుల్ అంటించడం: కిలోకి ఆరు నిమిషాలు

ఈ జాబితా చూడగానే చాలామంది చేసే లెక్క ఇది. ‘అన్నిటికన్నా నెమ్మదైన పని వేయించడం. నిమిషానికి ఒక అరిసె. గంటకు 60, అంటే మూడు కిలోలు. రోజుకి ఎనిమిది గంటలు చేస్తే 24 కిలోలు.’ కాగితం మీద ఇది తప్పుగా కనిపించదు. ఈ 24 నమ్మి ఆర్డర్లు తీసుకున్నవాళ్లే రెండోరోజు రాత్రి పన్నెండింటికి కూడా మూకుడు ముందు నిలబడి ఉంటారు.

తప్పెక్కడుంది? మనం మూకుడిని లెక్కపెట్టాం, మనిషిని లెక్కపెట్టలేదు. పాకం పట్టేదీ అమ్మే, వేయించేదీ అమ్మే. ఆమె పాకం దగ్గరున్న 40 నిమిషాలూ మూకుడు ఖాళీగానే ఉంటుంది. కాబట్టి ఒక పాకానికి అమ్మకు పట్టే సమయం 40 + 70 = 110 నిమిషాలు. ఎనిమిది గంటలంటే 480 నిమిషాలు. 480ని 110తో భాగిస్తే నాలుగు పాకాలు, కాస్త మిగులు. 24 కిలోలు ఒక్కసారిగా 14 కిలోలకు దిగింది.

‘రెండు బర్నర్లున్నాయి కదా, ఒకదాని మీద వేయిస్తూ రెండోదాని మీద పాకం పట్టలేదా?’ అని అడగొచ్చు. ప్రయత్నించినవాళ్లకు జవాబు తెలుసు. ఉండపాకం వచ్చిన క్షణం పట్టుకోవాలి. చల్లటి నీళ్లలో చుక్క వేస్తే మెత్తటి ఉండ కావాలి. ఆ దశ దాటి ముదిరితే అరిసె రాయవుతుంది. ముందే దించితే నూనెలో విచ్చిపోతుంది. వాయి తిప్పడానికి అటు తిరిగినప్పుడే పాకం ముదురుతుంది. రెండు పనులూ ఒకే మనిషికి అప్పజెబితే రెండూ చెడతాయి.

ఇక ఎనిమిది గంటలూ పనే జరగదు. భోజనం, టీ, మధ్యలో సిలిండర్ మార్చడం, నూనె వడకట్టడం, నాలుగు ఫోన్లు. వీటికి గంటన్నర తీసేయండి. మిగిలింది 390 నిమిషాలు. 390ని 110తో భాగిస్తే మూడున్నర. సగం పాకం ఉండదు కాబట్టి మూడు. మూడు పాకాలకు 330 నిమిషాలు పోగా ఒక గంట మిగులుతుంది. ఆ గంట వృథా కాదు. ఏదో ఒకటి ఆలస్యమైనప్పుడు రోజును కాపాడేది అదే.

ఈ లెక్కను ఆపరేషన్స్ మేనేజ్‌మెంట్‌లో ‘బాటిల్‌నెక్’ను గుర్తించడం అంటారు. సీసాలో ఎంత నీరున్నా బయటికొచ్చే వేగాన్ని నిర్ణయించేది మూతి వెడల్పే. ఎలియాహు గోల్డ్‌రాట్ 1984లో తెచ్చిన ‘ది గోల్’ అనే పుస్తకం ఒక ఫ్యాక్టరీ కథగా చెప్పేది ఈ సంగతే. ఎంబీఏ తరగతుల్లో దాన్ని ఇప్పటికీ చదివిస్తున్నారు.

నాణ్యత ఎక్కడ జారుతుంది?

ఇప్పటిదాకా తేలింది ఎన్ని చేయగలమన్నది. ఎన్ని బాగా చేయగలమన్నది వేరే ప్రశ్న. దీనికి అంచనాలు పనికిరావు, ప్రయోగం చేయాల్సిందే. పండగ రద్దీకి ముందే, డిసెంబరులో, ఒక రోజు రెండు పాకాలు, ఇంకో రోజు మూడు, మరో రోజు నాలుగు పాకాలు చేసి చూడాలి. ప్రతి పాకంలోనూ పనికిరానివి ఎన్నో లెక్కపెట్టాలి.

పనికిరానిది అంటే ఏమిటో ముందే తేల్చుకోవాలి. లేకపోతే అలసిపోయినప్పుడు ‘ఇది పర్లేదులే’ అనిపిస్తుంది. అరిసెల వరకు ఈ నాలుగు చూస్తే చాలు. అంచులు పగిలాయా? రంగు మొదటి వాయి కన్నా ముదిరిందా? చల్లారాక వేళ్లతో వంచితే మెత్తగా వంగుతోందా, పుటుక్కున విరుగుతోందా? కాగితం మీద పెడితే నూనె మరక ఎంత పెద్దదవుతోంది?

నాలుగు పాకాలు చేసిన రోజు మన ఉదాహరణలో ఇలా తేలిందనుకుందాం. మొదటి పాకంలో 70కి 2 పాడయ్యాయి. రెండో దాంట్లో 3. మూడో దాంట్లో 5. నాలుగో దాంట్లో 13.

రోజు మొత్తం చూస్తే 280కి 23, అంటే ఎనిమిది శాతం. ‘వందకి ఎనిమిది పోతే పోనీ’ అనిపిస్తుంది. కానీ పాకాలవారీగా చూస్తే అసలు బొమ్మ వేరు. మూడో పాకం దాకా నిదానంగా పెరిగిన లోపం నాలుగోదాంట్లో ఒక్కసారిగా ఎగిసింది. దాదాపు ప్రతి ఐదింటిలో ఒకటి. పైగా మిగతా నాలుగూ మొదటి పాకమంత బాగుంటాయని చెప్పలేం, ఏదో గట్టెక్కాయంతే. సగటు అంకె ఈ విషయాన్ని దాచేస్తుంది. అందుకే లోపాలను రోజుకి కాకుండా పాకానికి రాసుకోవాలి. నాణ్యత మెట్లు దిగినట్టు దిగదు, గట్టు మీంచి జారినట్టు జారుతుంది. ఆ గట్టు ఏ గంటలో ఉందో తెలుసుకోవడమే ఈ ప్రయోగం ఉద్దేశం.

కంటికి కనిపించని ఇంకో సూచిక నూనె. పొద్దున మూకుట్లో పోసిన నూనె తూచండి. మధ్యలో కలిపింది రాసుకోండి. సాయంత్రం మిగిలింది, చెక్కల కింద పిండగా వచ్చింది కలిపి తూచండి. రెండింటి తేడాను చేసిన కిలోలతో భాగిస్తే కిలో అరిసెలు ఎంత నూనె తాగాయో తెలుస్తుంది. రద్దీ రోజున ఈ అంకె పెరిగిందంటే కారణం ఇది. తొందరలో వాయికి మూడు వేయాల్సిన చోట ఐదు వేశారు. చల్లటి చలిమిడి ఎక్కువ పడేసరికి నూనె వేడి ఒక్కసారిగా పడిపోయింది. ఇంటి బర్నర్‌కు దాన్ని వెంటనే పైకి లేపే శక్తి లేదు. పైపొర గట్టిపడేలోపే నూనె లోపలికి దిగింది. తినేవాళ్లు చెప్పకముందే కాటా చెబుతుందన్నమాట.

అలసటా? తొందరా? పిండా?

నాలుగో పాకం ఎందుకు చెడింది? చాలామంది ‘అమ్మ అలసిపోయింది’ అని తేల్చేస్తారు. అది నిజమే కావొచ్చు, కాకపోనూవచ్చు. కారణం తెలియకుండా మందు వేయలేం. ఇక్కడ మూడు అనుమానాలున్నాయి.

మొదటిది తొందర. నాలుగు పాకాలకు 440 నిమిషాలు కావాలి. ఉన్నవి 390. ఆ 50 నిమిషాలు ఎక్కడినుంచో దొంగిలించాలి. భోజనం మానేసో, వాయికి ఇంకొకటి ఎక్కువ వేసో, నూనె సరిగా కాగకముందే వేసో.

రెండోది అలసట. వేడి ముందు ఆరు గంటలు నిలబడ్డాక రంగును పట్టుకునే చూపు మందగిస్తుంది.

మూడోదాన్ని ఎవరూ అనుమానించరు. అది పిండి. అరిసెలకు కావలసింది తడిపిండి. బియ్యం కనీసం ఒక రోజు నానబెట్టి, మధ్యలో నీళ్లు మార్చి, వడకట్టి, తడి ఆరకుండానే పిండిమరకు (తెలంగాణలో గిర్నీకి) పట్టుకెళ్లాలి. ఉదయం ఏడింటికి పట్టించిన పిండి ఎనిమిదింటికి మొదటి పాకంలో పడుతుంది. అదే పిండి నాలుగో పాకంలో పడేసరికి మధ్యాహ్నం రెండు దాటుతుంది. ఈలోగా పైన ఆరిపోతుంది. ఆరిన పిండి పాకాన్ని వేరేగా పీల్చుకుంటుంది. చలిమిడి బిరుసెక్కి, ఒత్తుతుంటే అంచులు పగుళ్లిస్తాయి. అమ్మ చేయి అదే, పాకం అదే. పిండే మారిపోయింది.

ఏది నిజమో తేల్చాలంటే ఒకసారి ఒక్కటే మార్చి చూడాలి. ఒకరోజు నాలుగో పాకానికి పిండిని మధ్యాహ్నం కొత్తగా పట్టించి, మిగతావన్నీ అలాగే ఉంచారనుకుందాం. పాడైనవి 13 నుంచి 7కి తగ్గాయి. అంటే దాదాపు సగం తప్పు పిండిదే. మిగతాది తొందరదో అలసటదో. దానికి ఇంకోరోజు, నాలుగో పాకానికి ముందు గంటసేపు విరామం ఇచ్చి చూస్తే తెలుస్తుంది. లోపాలను చూసినా కొంత పోల్చుకోవచ్చు. అంచుల పగుళ్లు పిండిని చూపిస్తాయి. నూనె మరక కిక్కిరిసిన వాయిని చూపిస్తుంది. రంగు ఒక్కోటి ఒక్కోలా ఉంటే అది అలసిన కన్ను.

పిండి ఆరకుండా ఉండాలంటే గిన్నెలో అదిమిపెట్టి, పైన తడిగుడ్డ కప్పాలి. పెద్దవాళ్లు చెప్పే ఈ చిట్కా ఆచారం కాదు, నాణ్యత నియంత్రణ. అలాగని ‘పొద్దున్నే పాకాలన్నీ పట్టేసి చలిమిడి పక్కన పెట్టుకుంటే సరి’ అనుకోకూడదు. చలిమిడికి నెయ్యి రాసి మూతపెడితే నిలవ ఉంటుంది. కానీ చల్లారేకొద్దీ గట్టిపడుతుంది. మళ్లీ మెత్తబరచడానికి పట్టే సమయం కూడా అమ్మ ఖాతాలోకే వస్తుంది.

నాలుగో పాకం లాభమా?

సరే, కొన్ని పాడైతే పోనీ, నాలుగో పాకం కూడా చేస్తే డబ్బు వస్తుంది కదా? లెక్క చూద్దాం. కిలో 500కు అమ్ముతున్నారు. బియ్యం, బెల్లం, నూనె, నువ్వులు, గ్యాస్, పెట్టె అన్నీ కలిపి కిలోకి 260 ఖర్చు అనుకుందాం.

నాలుగో పాకంలో 57 అమ్మదగ్గవి. అంటే రెండు కిలోల 850 గ్రాములు. అమ్మితే 1,425 రూపాయలు. ఖర్చు మాత్రం 70 అరిసెలకూ అయింది. మూడున్నర కిలోలకు 910. మిగిలింది 515 రూపాయలు. ముగ్గురి రెండు గంటల కష్టం అందులోనే ఉంది.

ఇప్పుడు ఆ 57లోంచి వెళ్లిన ఒక్క కిలో పెట్టె మీద ఫిర్యాదు వచ్చిందనుకోండి. 500 వెనక్కివ్వాలి. పోయిన పరువు కాపాడుకోవడానికి ఇంకో కిలో పంపాలంటే 260. కొరియర్‌కు ఒక వంద. మొత్తం 860. ఒక్క ఫిర్యాదు నాలుగో పాకం లాభాన్ని మింగి, మూడో పాకం లాభంలోకీ చేయి పెడుతుంది. ఆ ఇల్లు మళ్లీ ఏడాది మీ దగ్గర కొనకపోవడం ఈ లెక్కలోకి రానేలేదు.

కాబట్టి ఈ ఇంటి హద్దు రోజుకి మూడు పాకాలు. 210లో పాడైనవి 10 తీసేస్తే 200 అరిసెలు. పది కిలోలు. కాగితం మీద 24గా మొదలైన అంకె చివరికి తేలింది పదికి.

పండగ క్యాలెండర్ మీద పరిస్తే...

రోజువారీ హద్దు తెలిశాక సీజన్ మొత్తానికి ఎంత ఒప్పుకోవచ్చో లెక్క వెనకనుంచి వేయాలి. జనవరి 14 పండగ అనుకుంటే, హైదరాబాద్, బెంగళూరు వెళ్లే పార్సిళ్లకు కొరియర్ రోజులు తీసేయాలి. పండగ ముందు కొరియర్ ఆఫీసులు కూడా కిక్కిరిసే ఉంటాయి. ఆఖరి తయారీ రోజు 10వ తేదీ అనుకుందాం. మరీ ముందు చేస్తే తాజాదనం పోతుంది. 3వ తేదీన మొదలుపెడితే ఎనిమిది రోజులు. అందులో రెండు రోజులు విశ్రాంతికి, బజారుకు వదిలేయాలి. వరుసగా ఎనిమిది రోజులు మూకుడు ముందు నిలబడితే మొదటి పాకం కూడా నాలుగో పాకంలాగే తయారవుతుంది. మిగిలింది ఆరు రోజులు. ఆరు పదులు అరవై కిలోలు.

అరవైకి అరవై ఒప్పుకోవచ్చా? వద్దు. ఒకరోజు గిర్నీలో కరెంటు పోవచ్చు, అత్తయ్య వాళ్లింటికి చుట్టాలు రావొచ్చు, అమ్మాయికి ప్రాక్టికల్స్ పడొచ్చు. ఒక రోజు పనిని, అంటే పది కిలోలను, చేతిలో ఉంచుకుని 50 కిలోలకే ఒప్పుకోవడం క్షేమం. సగటు కిలో రెండువందలు చొప్పున అది 41 ఆర్డర్లు. ఇదీ మొదట్లో అడిగిన ప్రశ్నకు జవాబు.

నిండా ఒప్పుకుంటే ఏమవుతుందో క్యూల మీద జరిగిన గణితం చెబుతుంది. అందులో అన్నిటికన్నా సరళమైన నమూనా ప్రకారం, సామర్థ్యంలో 80 శాతం వాడుతున్నప్పుడు ఒక పని క్యూలో ఎదురుచూసే సమయం, ఆ పని చేయడానికి పట్టే సమయానికి సగటున నాలుగు రెట్లుంటుంది. 90 శాతానికి తొమ్మిది రెట్లు. 95 శాతానికి పందొమ్మిది రెట్లు. ఆఖరి ఐదు శాతం కోసం ఆశపడితే ఆలస్యం రెండింతలవుతుందన్నమాట. మన అరిసెల పొయ్యికి ఈ అంకెలు యథాతథంగా వర్తించకపోయినా, దిశ మాత్రం ఇదే.

ఆర్డర్లు మూయడానికీ పద్ధతుంది. 40 కిలోలకు చేరగానే స్టేటస్‌లో ‘ఇంకా పది కిలోలే ఉన్నాయి’ అని పెట్టాలి. 50 చేరగానే ‘పండగ ఆర్డర్లు నిండాయండీ. 16 తర్వాత చేసే వాయిలో కావాలంటే పేరు రాసుకుంటాం’ అనాలి. కాదనడం కన్నా తేదీ చెప్పడం ఇద్దరికీ సులువు.

సామర్థ్యం పెంచాలంటే?

డబ్బు చేతికి రాగానే మొదట వచ్చే ఆలోచన పెద్ద మూకుడు కొందామని. మూకుడు పెద్దదైతే వాయికి ఐదు పడతాయి, వేయించే సమయం 70 నుంచి 42 నిమిషాలకు దిగుతుంది. కానీ మంట అదే బర్నర్‌ది. ఐదింటికి సరిపడా వేడిని అది నిలబెట్టలేకపోతే, కొన్నది పెద్ద మూకుడు కాదు, నూనె తాగే అరిసెలు. పెద్ద మూకుడు కొంటే దానికి తగ్గ పొయ్యి కూడా కొనాలి.

డబ్బు పెట్టనక్కర్లేని దారి ఇంకొకటుంది. పాకం పట్టడం వేరొకరికి అప్పగించడం. అమ్మ వేయించడం మాత్రమే చూస్తే పాకానికి 70 నిమిషాలు. 390లో ఐదు పాకాలు పడతాయి. అయితే వెంటనే ఇరుకు వేరేచోటికి జరుగుతుంది. ఐదు పాకాలంటే 350 అరిసెలు. ఒక్కోటి అరచేయంత వెడల్పున ఒక్క వరుసలో పరిస్తే మూడున్నర చదరపు మీటర్ల చోటు కావాలి. చోటు చాలక ఒకదాని మీద ఒకటి పేర్చినా, వెచ్చగా ఉండగానే పెట్టెలో పెట్టినా లోపల చెమ్మ పడుతుంది. ఆ పెట్టె నాలుగు రోజుల ప్రయాణం చేసి తెరిచేసరికి బూజు కనిపించొచ్చు. పొయ్యి దగ్గర సంపాదించింది పెట్టెలో పోగొట్టుకున్నట్టే. కాబట్టి ఒక ఇరుకు విప్పిన ప్రతిసారీ మళ్లీ మొదటినుంచి గడియారం పెట్టాలి, మళ్లీ పాకాలవారీగా లోపాలు రాయాలి.

ఒక చిన్న అలవాటు ఇక్కడ పెద్ద సాయం చేస్తుంది. ఇంట్లో చేసి అమ్మే తినుబండారాలకు కూడా ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నమోదు అవసరం. పెట్టె మీద తయారీ తేదీ ఎలాగూ వేస్తారు. దాని పక్కనే పాకం నంబరు కూడా వేయండి. ‘7-3’ అంటే ఏడో తేదీ మూడో పాకం. ప్రతి పాకంలో రెండు అరిసెలు ఇంట్లోనే పక్కన పెట్టి, మూడో రోజు, ఏడో రోజు వంచి చూడండి. ఫిర్యాదు వస్తే అది ఏ పాకందో, ఆ రోజు ఏం జరిగిందో నోటుపుస్తకం చెబుతుంది. కొనుగోలుదారుకంటే ముందే మీకు తెలిసే అవకాశమూ ఉంటుంది.

కేకులైనా, బ్లౌజులైనా...

వస్తువు మారితే ఇరుకు మారుతుంది, లెక్క మారదు. ఇంట్లో కేకులు చేసేవాళ్లకు ఓవెన్ కన్నా ముందు ఫ్రిజ్‌లో చోటు నిండిపోతుంది, ఎందుకంటే క్రీమ్ రాసిన కేకు డెలివరీ దాకా అక్కడే ఉండాలి. మగ్గం వర్క్ చేసేవాళ్లకు మగ్గాల సంఖ్య కాదు, సన్నటి పని చేయగల చేతుల గంటలే హద్దు. వాళ్లకు కొలత బ్లౌజు కాదు, గంట. ‘సింపుల్ వర్క్’ ఒక బ్లౌజూ, ‘బ్రైడల్’ ఒక బ్లౌజూ ఒకటి కావు కదా.

ఆపరేషన్స్, సప్లై చైన్ ఉద్యోగాలకు వెళ్లేవాళ్లను ఇంటర్వ్యూల్లో ఇలాంటి అంచనా ప్రశ్నలే అడుగుతుంటారు. ‘ఒక టిఫిన్ సెంటర్ గంటకు ఎన్ని దోసెలు వేయగలదు?’ అని అడిగితే పెనం సైజుతో మొదలుపెట్టకండి. ముందు దేన్ని కొలుస్తున్నారో చెప్పండి. తర్వాత ఒక్కో మెట్టుకు సమయం వేయండి. ఒకే మనిషి రెండు పనుల్లో ఉన్నాడేమో చూడండి. చివరగా, పనికిరాకుండా పోయేవి తీసేసి అంకె చెప్పండి.

నోటుపుస్తకంలో రోజూ రాయాల్సినవి

- ఎన్ని పాకాలు, ఒక్కోటి ఎన్నింటికి మొదలై ఎన్నింటికి ముగిసింది
- పిండి పట్టించిన సమయం
- పాకాలవారీగా పాడైనవి ఎన్ని, ఏ లోపంతో
- కిలోకి ఎంత నూనె ఖర్చయింది
- ఒప్పుకున్న కిలోలు, ఇంకా మిగిలిన కిలోలు
- ఫిర్యాదు వస్తే ఆ పెట్టె మీది పాకం నంబరు